ఐగెన్ మాటలు: మాత్రికల నుంచి మ్యాట్రిక్స్‌కి వచ్చినవాళ్లకు ఒక్క లెక్కతో

ఇంజనీరింగ్ మొదటి సెమిస్టర్‌లో ఐగెన్ అంటే ఎవరో శాస్త్రవేత్త పేరనుకున్నాను. న్యూటన్ నియమం, ఓమ్ నియమం లాగే ఐగెన్ వాల్యూ కూడా అనుకున్నాను. పైగా దాన్ని 'ఈజెన్' అని చదివేవాణ్ణి. అది మనిషి పేరు కాదు, అసలు ఇంగ్లిష్ మాటే కాదు. జర్మన్‌లో 'ఐగెన్' అంటే 'సొంత' అని అర్థం. జర్మన్ గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్ 1904లో ఈ మాటను ఇలా వాడాక ఇంగ్లిష్‌వాళ్లు సగం జర్మన్, సగం ఇంగ్లిష్ కలిపి 'ఐగెన్ వాల్యూ' చేసుకున్నారు. అంటే మాత్రిక 'సొంత విలువ' అన్నమాట.

తెలుగు పుస్తకాల్లో దీన్నే లాక్షణిక మూలం అంటారు. ఇక్కడే చిక్కు మొదలవుతుంది. ఇంగ్లిష్‌లో ఒకే వస్తువుకు మూడు నాలుగు పేర్లున్నాయి, ఒక్కో ప్రశ్నపత్రంలో ఒక్కోటి కనిపిస్తుంది: ఐగెన్ వాల్యూ, క్యారెక్టరిస్టిక్ రూట్, క్యారెక్టరిస్టిక్ వాల్యూ, లాటెంట్ రూట్. పాత పుస్తకాల్లో ప్రాపర్ వాల్యూ అని కూడా ఉంటుంది. అన్నీ ఒకటే. 'ఫైండ్ ది లాటెంట్ రూట్స్' అన్న ప్రశ్న చూసి, ఇది మా సిలబస్‌లో లేదని వదిలేసి వచ్చినవాళ్లు నాకు తెలుసు. ఫిజిక్స్‌లో లాటెంట్ హీట్‌ను గుప్తోష్ణం అని చదువుకున్నారు కదా, ఇక్కడా లాటెంట్ అంటే గుప్తంగా ఉన్నదనే. ఆ పేరు పెట్టిన సిల్వెస్టర్ 1883లో ఇచ్చిన పోలిక కూడా అలాంటిదే: నీళ్లలో ఆవిరి, పొగాకులో పొగ దాగి ఉన్నట్టు ఈ మూలాలు మాత్రికలో దాగి ఉంటాయట.

మాటలను జాబితాగా బట్టీ పడితే నిలవవు. ఒక్క లెక్క తీసుకుని, ఏ మాట ఎక్కడ ఎదురైతే అక్కడే దాన్ని విప్పుకుందాం. మన మాత్రిక ఇది:

```
A = | 4  1 |
    | 2  3 |
```

మొదటి అడుగు: ప్రశ్నను చదవడం

ప్రశ్న సాధారణంగా ఇలా ఉంటుంది: 'ఫైండ్ ది ఐగెన్ వాల్యూస్ అండ్ ది కరెస్పాండింగ్ ఐగెన్ వెక్టర్స్ ఆఫ్ ది మ్యాట్రిక్స్ A.' వెక్టర్ అంటే సదిశ, స్కేలార్ అంటే అదిశ, ఈ రెండూ పాతవే. రో అంటే అడ్డువరుస, కాలమ్ అంటే నిలువు వరుస. ఈ పాఠంలో వెక్టర్ అంటే బాణం గుర్తు కాదు, ఒకే నిలువు వరుస ఉన్న మాత్రిక. ఇంటర్‌లో i, j, k లతో రాసినదాన్నే ఇక్కడ నిలువుగా పేర్చి X అని పిలుస్తారు.

అసలు మాట 'కరెస్పాండింగ్'. సరూప త్రిభుజాల్లో 'అనురూప భుజాలు' చదివారు కదా, అదే ఇది. ప్రతి ఐగెన్ విలువకూ దాని అనురూప సదిశ ఉంటుంది, ఒకదాని సదిశను తెచ్చి ఇంకొకదాని కింద పెట్టకూడదు. జవాబులో ఏ సదిశ ఏ విలువదో రాయకుండా చివర్లో నాలుగు సంఖ్యలు గుప్పిస్తే, ప్రశ్నలో 'కరెస్పాండింగ్' అన్న మాటకు జవాబు ఇవ్వనట్టే.

రెండో అడుగు: AX = λX ను తెలుగులో చెప్పుకోవడం

λ ను ల్యాంబ్డా అని చదవాలి, అది గ్రీకు అక్షరం. నిర్వచనం ఇంగ్లిష్‌లో పొడుగ్గా ఉంటుంది కానీ విషయం చిన్నది. మాత్రికతో ఒక సదిశను గుణిస్తే ఇంకో సదిశ వస్తుంది, మామూలుగా దాని దిశ మారిపోతుంది. మన A తో (1, 0) ను గుణించి చూడండి, (4, 2) వస్తుంది. అడ్డంగా ఉన్న సదిశ పైకి తిరిగింది. ఇప్పుడు (1, 1) ను గుణించండి:

```
| 4  1 | | 1 |   | 5 |       | 1 |
| 2  3 | | 1 | = | 5 |  = 5  | 1 |
```

దిశ మారలేదు, పొడవు మాత్రం ఐదు రెట్లయింది. ఇలా తన గీత వదలని సదిశే ఐగెన్ వెక్టర్, అది ఎన్ని రెట్లయిందో ఆ సంఖ్యే ఐగెన్ వాల్యూ. 'సొంత' అన్న మాట ఇప్పుడు అతుకుతుంది: ఈ దిశలు A కి సొంతం. λ రుణాత్మకమైతే సదిశ అదే గీత మీద వెనక్కి తిరుగుతుంది, అదీ లెక్కలోకి వస్తుంది.

నిర్వచనంలో 'నాన్ జీరో వెక్టర్ X' అని ఒక షరతు ఉంటుంది, అంటే శూన్యేతర సదిశ. అది లేకపోతే నిర్వచనానికే అర్థం లేదు, ఎందుకంటే X = 0 పెడితే ఏ λ కైనా రెండు వైపులా సున్నాయే. ఈ షరతు సదిశకే గానీ విలువకు కాదు. ఐగెన్ విలువ సున్నా కావచ్చు. మాత్రిక నిర్ధారకం సున్నా అయితే ఒక ఐగెన్ విలువ కచ్చితంగా సున్నాయే. అలాంటి మాత్రికను సింగ్యులర్ మ్యాట్రిక్స్ అంటారు. దానికీ ఇంగ్లిష్ వ్యాకరణంలోని ఏకవచనానికీ సంబంధం లేదు.

మూడో అడుగు: విలువలు కనుక్కోవడం

AX = λX లో కుడివైపుది ఎడమకు తెస్తే (A − λI)X = 0 అవుతుంది. I అంటే ఐడెంటిటీ మ్యాట్రిక్స్, మన యూనిట్ మాత్రిక. దాన్ని మరిచి A − λ అని రాస్తే మాత్రికలోంచి సంఖ్యను తీసేసినట్టవుతుంది, అది కుదరదు. λI తీసేయడమంటే వికర్ణం మీద ఉన్న మూలకాల్లోంచి మాత్రమే λ తీసేయడం:

```
A − λI = | 4−λ    1  |
         |  2    3−λ |
```

ఇంగ్లిష్ పుస్తకం ఇక్కడ 'హోమోజీనియస్ సిస్టమ్', 'ట్రివియల్ సొల్యూషన్', 'నాన్ ట్రివియల్ సొల్యూషన్' అన్న మాటలు వరుసగా వాడుతుంది. ఇవి మీకు తెలిసినవే. కుడివైపున అన్నీ సున్నాలున్న సమఘాత సమీకరణాలు, x = 0, y = 0 అనే తృణప్రాయ సాధన, అది కాక మరో సాధన. మనకు తృణప్రాయం అక్కర్లేదు, మరోటి కావాలి. అది ఉండాలంటే A − λI నిర్ధారకం సున్నా కావాలి. నిర్ధారకం అంటే డిటర్మినెంట్.

(4 − λ)(3 − λ) − 2 = λ² − 7λ + 10

దీని పేరు క్యారెక్టరిస్టిక్ పాలినామియల్, అంటే లాక్షణిక బహుపది. దాని పక్కన '= 0' పెడితే క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్, అంటే లాక్షణిక సమీకరణం. ప్రశ్న ఈక్వేషన్ అడిగితే '= 0' తప్పనిసరి. మన సమీకరణం (λ − 5)(λ − 2) = 0, కాబట్టి λ = 5, 2. ఇంటర్‌లో వర్గ సమీకరణం మూలాలను 'వాస్తవాలు, విభిన్నాలు' అనేవాళ్లం గుర్తుందా? ఇంగ్లిష్‌లో అదే 'రియల్ అండ్ డిస్టింక్ట్'. విచక్షణి రుణాత్మకమైతే మూలాలు సంకీర్ణ సంఖ్యలవుతాయి, వాటిని కాంప్లెక్స్ ఐగెన్ వాల్యూస్ అంటారు.

కొన్ని పుస్తకాలు |λI − A| రాస్తాయి. రెండో తరగతి మాత్రికకు తేడా ఏమీ రాదు. మూడో తరగతిది అయితే బహుపదిలో అన్ని గుర్తులూ తిరగబడతాయి, మూలాలు మాత్రం అవే. పుస్తకంలో −λ³ తో మొదలై మీ దగ్గర λ³ తో మొదలైతే కంగారు పడకండి.

ఇక్కడే సరిచూసుకోవాలి. వికర్ణ మూలకాల మొత్తాన్ని ట్రేస్ అంటారు. ఐగెన్ విలువల మొత్తం ట్రేస్‌కు, లబ్ధం నిర్ధారకానికి సమానం కావాలి. మనకు ట్రేస్ 4 + 3 = 7, నిర్ధారకం 12 − 2 = 10. విలువల మొత్తం 5 + 2 = 7, లబ్ధం 5 × 2 = 10. కుదిరింది.

అందరూ పడే గుంట: ముందే అడ్డువరుస పరిక్రియలు

ఇంటర్‌లో మాత్రిక కోటి కనుక్కోవడానికి అడ్డువరుస పరిక్రియలు చేసీ చేసీ చేతికి అలవాటైపోతుంది. కోటి అంటే ర్యాంక్. ఇంగ్లిష్ మీడియంలోనూ ఐగెన్ కంటే ముందు పాఠం ర్యాంకే కావడంతో ఆ అలవాటు మరింత ముదురుతుంది. 'త్రిభుజ మాత్రికకు వికర్ణ మూలకాలే ఐగెన్ విలువలు' అన్న నియమం తోడైతే ఇక ఆగేదెవరు? A ని ముందే త్రిభుజ మాత్రిక చేసేద్దాం అనిపిస్తుంది. నేనూ చేశాను. R₂ → 2R₂ − R₁ చేస్తే ఇలా వస్తుంది:

```
| 4  1 |
| 0  5 |
```

వికర్ణం చూసి 4, 5 అని రాసేశాను. పద్ధతి శుభ్రంగా ఉంది, జవాబు తప్పు. త్రిభుజ మాత్రిక నియమం నిజమే, కానీ ఇది A కాదు, మరో మాత్రిక. అడ్డువరుస పరిక్రియ కోటిని మార్చదు, ఐగెన్ విలువలను మాత్రం మార్చేస్తుంది. ట్రేస్‌తో సరిచూసి ఉంటే దొరికిపోయేది: 4 + 5 = 9, ఉండాల్సింది 7.

ఇదే పని R₂ → R₂ − ½R₁ తో చేసినవాళ్లకు ఇంకా పెద్ద ఉచ్చు ఉంది. వాళ్లకు వికర్ణం మీద 4, 2.5 వస్తాయి. లబ్ధం 10, నిర్ధారకంతో చక్కగా సరిపోతుంది! మొత్తం 6.5 మాత్రం పట్టిస్తుంది. కాబట్టి రెండు పరీక్షలూ చేయాలి, ఒక్కటి చాలదు.

మరి పరిక్రియలు ఎప్పుడు చేయొచ్చు? λ విలువ పెట్టేశాక, (A − λI)X = 0 ను సాధించేటప్పుడు ఎన్నైనా చేయొచ్చు. అప్పటికి అది మామూలు సమీకరణాల వ్యవస్థ, పరిక్రియలు దాని సాధనలను మార్చవు.

నాలుగో అడుగు: సదిశలు కనుక్కోవడం

λ = 5 పెడదాం:

```
| −1   1 | | x |   | 0 |
|  2  −2 | | y | = | 0 |
```

మొదటి వరుస −x + y = 0, రెండోది 2x − 2y = 0. రెండూ ఒకటే మాట చెబుతున్నాయి: x = y. ఇలా ఒక సమీకరణం రెండోదాంట్లో కలిసిపోవడం పొరపాటు కాదు, అలాగే జరగాలి. నిర్ధారకం సున్నా అయ్యేలా λ ను ఎంచుకున్నది దీనికోసమే. రెండు సమీకరణాలూ వేర్వేరుగా ఉండి x = 0, y = 0 వచ్చిందంటే λ తప్పైనా అయి ఉండాలి, తీసివేతలో గుర్తు తప్పైనా పడి ఉండాలి. ఒక పరీక్షలో ఆ సున్నా సదిశనే నేను జవాబుగా రాసి చుట్టూ పెట్టె కూడా గీశాను. 'నాన్ జీరో' అన్న షరతు చదివిన వాణ్ణే, ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

x = k అనుకుంటే y = k, కాబట్టి సదిశ k(1, 1). ఇంగ్లిష్‌లో 'k ఈజ్ ఆర్బిట్రరీ' అని రాస్తారు. ఆర్బిట్రరీ అంటే మన ఇష్టం వచ్చిన విలువ ఇవ్వొచ్చని, ఇక్కడ సున్నా తప్ప. k = 1 తీసుకుందాం.

λ = 2 పెడితే రెండు వరుసలూ 2x + y = 0 అనే చెబుతాయి. y = −2x, సదిశ (1, −2). సరిచూడాలంటే A తో గుణించండి: 4 − 2 = 2, 2 − 6 = −4, అంటే (2, −4). అది 2(1, −2), సరిగ్గా సరిపోయింది. ప్రతి సదిశకూ ఈ గుణకారం అర నిమిషం పని.

పుస్తకం వెనక జవాబు (−1, 2) అని ఉంటే? మీదీ సరే, దానిదీ సరే. ఐగెన్ విలువలకు ఒకే జవాబు, సదిశలకు మాత్రం ఒక గీత మీది సదిశలన్నీ జవాబులే. 'నార్మలైజ్డ్ ఐగెన్ వెక్టర్' అని అడిగితే పొడవు 1 అయ్యేలా భాగించి ఇవ్వాలి: (1, 1) పొడవు √2, కాబట్టి (1/√2, 1/√2). తెలుగులో యూనిట్ సదిశ అన్నది ఇదే. నార్మల్ అన్న మాటకు మరోచోట లంబం అన్న అర్థం కూడా ఉంది, ఇక్కడ అది కాదు.

ఒక λ కి చెందిన ఐగెన్ సదిశలన్నిటినీ పోగుచేసి, శూన్య సదిశను కూడా చేర్చితే వచ్చేదాన్ని ఐగెన్ స్పేస్ అంటారు. శూన్య సదిశ ఐగెన్ సదిశ కాదు గానీ ఐగెన్ స్పేస్‌లో ఉంటుంది. వైవాలో ఇష్టంగా అడిగే ప్రశ్న ఇది.

ఐదో అడుగు: మూలాలు సమానమైతే

ఇంతవరకూ విలువలు విభిన్నాలు. 'రిపీటెడ్ ఐగెన్ వాల్యూ' అంటే సమాన మూలాలు. ఇక్కడ రెండు బరువైన మాటలు వస్తాయి: ఆల్జీబ్రాయిక్ మల్టిప్లిసిటీ, జామెట్రిక్ మల్టిప్లిసిటీ. మల్టిప్లిసిటీ అంటే ఎన్నిసార్లు అన్న లెక్క. ఆల్జీబ్రా అంటే బీజగణితం, కాబట్టి మొదటిది సమీకరణంలో ఆ మూలం ఎన్నిసార్లు వచ్చిందో చెబుతుంది. జామెట్రీ అంటే జ్యామితి, రెండోది ఆ విలువకు ఎన్ని స్వతంత్ర దిశలు దొరికాయో చెబుతుంది. రెండు మాత్రికలు పక్కపక్కన పెడితే తేడా కనిపిస్తుంది:

```
B = | 2  0 |      C = | 2  1 |
    | 0  2 |          | 0  2 |
```

రెండింటికీ లాక్షణిక సమీకరణం (λ − 2)² = 0. ఆల్జీబ్రాయిక్ లెక్క రెండింటికీ 2. B − 2I మొత్తం సున్నా మాత్రిక, షరతే లేదు, ప్రతి శూన్యేతర సదిశా ఐగెన్ సదిశే. (1, 0), (0, 1) అని రెండు స్వతంత్ర దిశలు తీసుకోవచ్చు. C − 2I లో మిగిలేది y = 0 ఒక్కటే, కాబట్టి (1, 0) దిశ తప్ప మరోటి లేదు. జామెట్రిక్ లెక్క B కి 2, C కి 1. మాత్రిక తరగతి n లోంచి A − λI కోటిని తీసేస్తే ఈ లెక్క వచ్చేస్తుంది: C కి 2 − 1 = 1. ర్యాంక్ పాఠం ఇక్కడ పనికొస్తుంది.

C లాంటి దాని దగ్గర విద్యార్థులు ఎలాగైనా రెండో సదిశ చూపించాలని (1, 0), (2, 0) రాస్తారు. అవి ఒకే గీత మీదివి, ఒకటి రెండోదానికి రెట్టింపు. ఇంగ్లిష్‌లో వీటిని 'లీనియర్లీ డిపెండెంట్' అంటారు. లేని రెండో సదిశను వెతకకుండా, ఒక్కటే ఉందని రాయడమే సరైన జవాబు.

ఆరో అడుగు: డయాగనలైజ్ చేయమంటే

డయాగనల్ అంటే వికర్ణం. డయాగనలైజ్ అంటే మాత్రికను వికర్ణ మాత్రిక రూపంలోకి తేవడం. ఐగెన్ సదిశలను నిలువు వరుసలుగా పేర్చితే P వస్తుంది, దాన్ని మోడల్ మ్యాట్రిక్స్ అంటారు. ఇది నమూనా అన్న అర్థమిచ్చే మోడల్ కాదు, స్పెల్లింగ్ వేరు, 'మోడ్' అన్న మాట నుంచి వచ్చింది. ఐగెన్ విలువలను వికర్ణం మీద పెడితే D, అదే స్పెక్ట్రల్ మ్యాట్రిక్స్.

```
P = | 1   1 |     D = | 5  0 |
    | 1  −2 |         | 0  2 |
```

P⁻¹AP = D అవుతుంది. P లో మొదటి నిలువు వరుస 5 కి చెందిన సదిశైతే D లోనూ మొదట 5 ఉండాలి. అనురూపం అన్న మాట మళ్లీ ఇక్కడ తగులుతుంది. విలోమ మాత్రిక కనుక్కోకుండానే సరిచూడాలంటే AP, PD రెండూ లెక్కగట్టి పోల్చండి. రెండింటికీ మొదటి నిలువు వరుస (5, 5), రెండోది (2, −4) రావాలి. పైన చూసిన C ని మాత్రం డయాగనలైజ్ చేయలేం, P నింపడానికి రెండో స్వతంత్ర సదిశే లేదు. అలాంటి మాత్రికను 'డిఫెక్టివ్' అంటారు.

ల్యాబ్‌లో ఆక్టేవ్ గానీ మ్యాట్‌ల్యాబ్ గానీ ఉంటే ఇదంతా రెండు వరుసల్లో చూసుకోవచ్చు:

```
A = [4 1; 2 3];
[V, D] = eig(A)
```

తెర మీద (1, 1) కనిపించదు, 0.7071, 0.7071 కనిపిస్తాయి. (1, −2) చోట 0.4472, 0.8944 వ్యతిరేక గుర్తులతో ఉంటాయి. ఆ జంటలో ఏది రుణాత్మకమన్నది, 5 ముందు వస్తుందా 2 ముందు వస్తుందా అన్నది అది తనకు తోచినట్టు ఎంచుకుంటుంది. అది ఇచ్చేవి నార్మలైజ్డ్ సదిశలు. మీ సదిశను దాని పొడవుతో భాగించి చూడండి: 1/√5 = 0.4472, 2/√5 = 0.8944.